గ్రాఫిక్స్ కార్డు లేని చిన్న డెస్క్‌టాప్‌కు ప్రాసెసర్ ఎలా ఎంచుకోవాలి

చేతిలో పట్టేంత డబ్బాలో కంప్యూటర్ కట్టించుకోవాలని చాలామంది అనుకుంటున్నారు. బల్ల మీద చోటు మిగులుతుంది. కరెంటు పోయినా ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ మీదే నడుస్తుంది. అయితే అంత చిన్న డబ్బాలో గ్రాఫిక్స్ కార్డుకు జాగా ఉండదు, కాబట్టి బొమ్మ చూపించే పని మొత్తం ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ చేయాలి. అందుకే మామూలు పెద్ద కంప్యూటర్‌కు ప్రాసెసర్ ఎంచుకునే లెక్క ఇక్కడ పనికిరాదు. ఇక్కడ ప్రాసెసర్, ర్యామ్, కూలర్ మూడూ కలిపి ఒకే కొనుగోలు. విడివిడిగా బేరం ఆడితే ఏదో ఒకచోట దెబ్బ తింటారు.

కర్నూలు వైపు వాళ్లు సాధారణంగా సికింద్రాబాద్ సీటీసీ నుంచి, అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి సరుకు తెప్పించుకుంటారు. ఊరు దాటి వచ్చిన సరుకును మార్పించుకోవడం సులభం కాదు. డబ్బు కట్టకముందే కింద చెప్పినవి చూసుకోండి.

ముందు పేరు చివరి అక్షరం చూడండి

షాపులో "ఐ5 పన్నెండో జనరేషన్" అని చెప్పి ఊరుకుంటే ఒప్పుకోకండి. ఇంటెల్‌లో i5-12400 అంటే గ్రాఫిక్స్ ఉన్నది. i5-12400F అంటే అదే ప్రాసెసర్, కానీ గ్రాఫిక్స్ లేదు. F ఉన్నది కాస్త తక్కువ ధరకు వస్తుంది కాబట్టి కొటేషన్‌లో అదే ముందు కనిపిస్తుంది. దాన్ని మీ డబ్బాలో పెడితే ఫ్యాన్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది. బోర్డుకు వెనక హెచ్‌డీఎమ్‌ఐ సాకెట్ ఉన్నా లాభం లేదు. ఆ సాకెట్‌కు బొమ్మ పంపాల్సింది ప్రాసెసరే.

ఏఎమ్‌డీలో లెక్క తిరగబడుతుంది. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటును కూడా సాకెట్ అనే అంటారు. పాత ఏఎమ్4 సాకెట్‌లో G ఉంటేనే గ్రాఫిక్స్ ఉంటుంది. రైజెన్ 5 5600G లో ఉంది, రైజెన్ 5 5600 లో లేదు. 5500GT లో ఉంది, 5500 లో లేదు. 5700G లో ఉంది, 5700 లో లేదు. పేర్లు ఇంత దగ్గరగా ఉండటంతో షాపు కుర్రాళ్లు కూడా తడబడతారు. బిల్లు మీద పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా రాయించుకోండి.

కొత్త ఏఎమ్5 సాకెట్‌లో ఇంకో మెలిక ఉంది. రైజెన్ 7600 లాంటివాటికి G లేకపోయినా గ్రాఫిక్స్ ఉంటుంది, కానీ అందులో గ్రాఫిక్స్ పని చేసే కంప్యూట్ యూనిట్లు రెండే. తెర వెలగడానికి, టైపింగ్‌కు, వీడియో చూడటానికి అది చాలు, ఆటలకు చాలదు. నిజంగా గ్రాఫిక్స్ మీద దృష్టి పెట్టి చేసినవి 2024 జనవరిలో వచ్చిన 8000G వరుస. 8500G లో నాలుగు, 8600G లో ఎనిమిది, 8700G లో పన్నెండు యూనిట్లు ఉంటాయి. పేరు చూసి అదే వరుస అనుకుని 8400F తీసుకుంటే మళ్లీ నల్ల తెరే.

ర్యామ్ ఎన్ని జీబీ అన్నదానికంటే ఎన్ని పుల్లలు అన్నది ముందు

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి.

విడిగా ఉండే గ్రాఫిక్స్ కార్డుకు దాని సొంత మెమరీ ఉంటుంది. ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌కు సొంతంగా ఏమీ లేదు. ప్రాసెసర్ వాడే ర్యామ్‌నే అదీ వాడుకుంటుంది. కాబట్టి ర్యామ్ ఎంత వేగంగా డేటా ఇవ్వగలిగితే గ్రాఫిక్స్ అంత వేగంగా నడుస్తుంది. ర్యామ్ పుల్ల, అంటే ర్యామ్ స్టిక్, ఒక్కటే పెడితే ఆ దారి సగమే తెరుచుకుంటుంది.

లెక్క వేసి చూద్దాం. డీడీఆర్4 రకంలో 3200 వేగమున్న పుల్ల ఒక్కో విడతకు 8 బైట్ల చొప్పున సెకనుకు 320 కోట్ల సార్లు డేటా అందిస్తుంది. అంటే సెకనుకు 25.6 జీబీ. రెండు పుల్లలు పెడితే 51.2 జీబీ. కొత్త రకమైన డీడీఆర్5 5600 అయితే రెండు పుల్లలకు 89.6 జీబీ. చిన్న గ్రాఫిక్స్ కార్డుల్లో ఒకటైన జీటీఎక్స్ 1650 తన సొంత మెమరీ నుంచి సెకనుకు 128 జీబీ తీసుకుంటుంది. ఒక్క పుల్లతో నడిచే 5600G కి అందేది అందులో ఐదో వంతు, అది కూడా ప్రాసెసర్ కోర్లతో పంచుకుని. ఆటల్లో ఒక్క పుల్లకు, రెండు పుల్లలకు మధ్య మూడో వంతు వేగం తేడా రావడం మామూలే.

షాపులో మీకు వినిపించే మాట ఇలా ఉంటుంది: "అన్నా, ఇప్పుడు పదహారుది ఒకటి పెడదాం. తర్వాత కావాలంటే ఇంకోటి ఏసుకోవచ్చు." పెద్ద కంప్యూటర్‌కు అది మంచి సలహానే. మీకు మాత్రం వద్దు. 16 జీబీ కావాలంటే 8 జీబీవి రెండు తీసుకోండి, 32 కావాలంటే 16 జీబీవి రెండు. ఒకే కంపెనీవి, ఒకే వేగానివి, వీలైతే ఒకే ప్యాక్‌లో వచ్చినవి తీసుకోండి.

డీడీఆర్5 విషయంలో ఇంకో మాట చెబుతారు, "ఇందులో ఒక్క పుల్లే డ్యుయల్ చానల్" అని, అంటే ఒక్కటే రెండు పుల్లల దారి ఇస్తుందని. అది సగం నిజం. డీడీఆర్5 పుల్ల లోపల రెండు చిన్న చానళ్లు ఉంటాయి నిజమే, కానీ ఒక్కోటి 32 బిట్లే. రెండూ కలిస్తే 64 బిట్లు, అంటే పాత పుల్ల ఒక్కదానికి సమానమైన వెడల్పు. పూర్తి 128 బిట్లు కావాలంటే ఇక్కడా రెండు పుల్లలు పెట్టాల్సిందే.

చాలా చిన్న డబ్బాల్లో ల్యాప్‌టాప్‌కు వాడే పొట్టి ర్యామే పడుతుందని కూడా గుర్తుంచుకోండి. ఇంట్లో పాత పెద్ద కంప్యూటర్ నుంచి తీసిన పొడుగు పుల్లలు అందులో పట్టవు.

ఏ పనికి ఏది

మీరు చేసే పనిని మూడు రకాల్లో ఒకదాంట్లో పెట్టుకోండి.

తెలుగు టైపింగ్, ట్యాలీ, ఆన్‌లైన్ దరఖాస్తులు, పిల్లల క్లాసులు, యూట్యూబ్ మాత్రమే అయితే i3-12100 చాలు. నాలుగు కోర్లున్నా అవి గట్టి కోర్లు. అందులో ఉన్న యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ ఆటలకు బలహీనమే, కానీ వీడియో ఆడించడంలో 5600G కంటే మెరుగు. కారణం ఏవీ1 అనే కొత్త వీడియో పద్ధతి. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోలను ఏవీ1 లో ఇస్తోంది. పన్నెండో తరం ఇంటెల్ గ్రాఫిక్స్ దాన్ని తనే విప్పుతుంది. 5600G లో ఉన్న పాత వేగా గ్రాఫిక్స్‌కు అది చేతకాదు, ఆ భారం కోర్ల మీద పడుతుంది. మామూలు హెచ్‌డీ వీడియోకు ఇబ్బంది తెలియదు. 4కే పెడితే ఫ్యాన్ చప్పుడు పెరుగుతుంది. అలాంటప్పుడు వీడియో మీద కుడి క్లిక్ చేసి `Stats for nerds` తెరవండి. అందులో `av01` అని ఉంటే సమస్య ఇదే.

పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేసేవాళ్లు కూడా ఇంటెల్ వైపే చూడటం మంచిది. కొత్త కెమెరాలు ఇచ్చే 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ ఫైళ్లను ఇంటెల్ గ్రాఫిక్స్ తనే విప్పగలదు. 5600G లో అదే ఫైలు టైమ్‌లైన్ మీద ముక్కలుముక్కలుగా కదులుతుంది.

ఆటలు కూడా కావాలంటే ఏఎమ్‌డీ G వరుసే. వాలరంట్ లాంటివి, జీటీఏ 5 లాంటి పాత పెద్ద ఆటలు ఫుల్ హెచ్‌డీలో, సెట్టింగులు తగ్గించుకుని ఆడటానికి రెండు పుల్లలతో 5600G సరిపోతుంది. కొత్త పెద్ద ఆటల మీద మనసుంటే 8600G కి వెళ్లాలి. దానికి కొత్త బోర్డు, డీడీఆర్5 ర్యామ్ కూడా కావాలి కాబట్టి ఒక్క ప్రాసెసర్ ధర చూసి తేల్చకండి, మూడూ కలిపిన మొత్తం చూడండి. ర్యామ్ ధర రోజురోజుకూ మారుతుంది, ఆ రోజు కొటేషనే అడగండి. నన్నడిగితే 8700G కి పెట్టే అదనపు డబ్బు దండగ. దాని పన్నెండు యూనిట్లకూ మేత అదే ర్యామ్ దారిలోంచి రావాలి. యూనిట్లు సగం పెరిగినంత మాత్రాన వేగం సగం పెరగదు.

ఇంకో హద్దు కూడా ముందే చెప్పాలి. రెండేళ్ల తర్వాత పెద్ద డబ్బాకు మార్చి గ్రాఫిక్స్ కార్డు పెడతాను అనుకుంటే 5600G కొనకండి. ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ, ఎల్3 క్యాష్, దానికి 16 ఎంబీ, మామూలు 5600 కి ఉన్నదాంట్లో సగం. కార్డు పెట్టాక ఆ లోటు తెలుస్తుంది.

ఒక కర్నూలు షాపు లెక్క

కర్నూలులో ఒక డీటీపీ షాపు అనుకోండి. పగలంతా అను ఫాంట్లతో టైపింగ్, ఫోటోషాప్‌లో ఫ్లెక్సీలు, అప్పుడప్పుడు ఆల్బమ్ పేజీలు. రాత్రి షాపు మూశాక ఇంటర్ చదివే కొడుకు అదే కంప్యూటర్ మీద ఆడుకుంటాడు. కౌంటర్ ఇరుకు, అందుకే చిన్న డబ్బా కావాలి.

ఫ్లెక్సీ పని గ్రాఫిక్స్‌కు భారం అని చాలామంది అనుకుంటారు. నిజానికి భారమంతా ర్యామ్ మీద. పది అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తున్న ఫ్లెక్సీని అంగుళానికి 100 చుక్కలతో తెరిస్తే 12000 × 7200 చుక్కలు. సీఎంవైకే లో ఒక్కో చుక్కకు 4 బైట్లు. నిండుగా ఉన్న ఒక్క లేయరే సుమారు 345 ఎంబీ. నాయకుడి ఫోటో, బ్యాక్‌గ్రౌండు, నీడ, అనుచరుల ఫోటోలు, అక్షరాలు అని ఐదారు లేయర్లు వేసి, వెనక్కి వెళ్లడానికి దాచుకునే హిస్టరీని కలుపుకుంటే మూడు నాలుగు జీబీ సులభంగా దాటుతుంది. ఫోటోషాప్ మామూలుగా ఉన్న ర్యామ్‌లో 70 శాతమే తీసుకుంటుంది. పైగా గ్రాఫిక్స్ కోసం బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, కొంత పక్కన పెడతాం. 8 జీబీ ఉన్న కంప్యూటర్‌లో గ్రాఫిక్స్‌కు 2 జీబీ ఇచ్చేస్తే మిగిలేది ఆరు. అందులో విండోస్, బ్రౌజర్ పోను ఫ్లెక్సీకి దక్కేది చాలదు. అప్పుడు ఫోటోషాప్ డిస్క్ మీద రాసుకోవడం మొదలుపెడుతుంది, ప్రతి బ్రష్ గీతకూ ఆగుతుంది. కస్టమర్ పక్కన కుర్చీలో కూర్చుని "అయిపోయిందా సార్" అని అడుగుతూ ఉంటాడు.

కాబట్టి ఈ షాపుకు మొదటి నిర్ణయం 32 జీబీ, 16 జీబీవి రెండు పుల్లలు. తర్వాతే ప్రాసెసర్. ఒక్క షాపు పనే అయితే i5-12400 తీసుకోమంటాను, ఫోటోషాప్‌లో అది 5600G కంటే కొంచెం ముందుంటుంది. కొడుకు ఆటలు కూడా లెక్కలో ఉన్నాయి కాబట్టి 5600G. పగటి పనిలో తేడా పెద్దగా తెలియదు, రాత్రి ఆటల్లో మాత్రం యూహెచ్‌డీ 730 కీ వేగాకూ మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. 8600G కి వెళ్తే ఆటలు ఇంకా బాగుంటాయి, కానీ దాని కోసం డీడీఆర్5 కు పెట్టాల్సిన డబ్బులో ఈ షాపుకు ఒక మంచి ఎన్‌వీఎంఈ డిస్క్ వస్తుంది. ఫ్లెక్సీ ఫైళ్లు తెరవడానికి, సేవ్ చేయడానికి ఆ డిస్కే ఎక్కువ ఉపయోగం.

మే నెలను లెక్కలో పెట్టుకోండి

కూలర్ చేసేది గది గాలి వేడి కంటే ప్రాసెసర్ వేడి ఎంత ఎక్కువ ఉండాలో పట్టి ఉంచడం. అదే పనికి, అదే ఫ్యాన్ వేగానికి ఆ తేడా దాదాపు ఒకేలా ఉంటుంది. గది 28 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 80 చూపిస్తే తేడా 52. ఏసీ లేని గది మేలో 42 కి చేరితే అదే పనికి 94 అవుతుంది. 5600G హద్దు 95. ఆ హద్దుకు చేరగానే అది కాలిపోదు, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మీకు తెలిసే లక్షణం ఒక్కటే: పొద్దున బాగా నడిచిన ఆట మధ్యాహ్నం రెండింటికి ఆగి ఆగి నడుస్తుంది. వైరస్ అనుకుని విండోస్ తిరిగి ఎక్కించేవాళ్లను చూశాను. ముందు వేడి చూడండి.

చిన్న డబ్బాల్లో అసలు చిక్కు కూలర్ ఎత్తు. ఉదాహరణకు ఏఎస్‌రాక్ డెస్క్‌మినీ X300 అనే డబ్బాను చూడండి. పొడవు, వెడల్పు 155 మిల్లీమీటర్లు, ఎత్తు 80. అందులో కూలర్‌కు ఉన్న జాగా 46 మిల్లీమీటర్లు. 5600G తో పాటు పెట్టెలో వచ్చే రైత్ స్టెల్త్ కూలర్ ఎత్తు 54. మూత పడదు. అందుకని 37 మిల్లీమీటర్ల నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఏ లాంటి పొట్టి కూలర్ విడిగా కొనాలి. ఆ ధరను మొదటి కొటేషన్‌లోనే వేయించుకోండి. ఏ డబ్బా కొన్నా "కూలర్ ఎత్తు ఎంతవరకు పడుతుంది" అన్నది అడగండి. మిల్లీమీటర్లలో జవాబు రాకపోతే కొనకండి.

ఇక ప్రాసెసర్ తినే కరెంటును తగ్గించుకోవచ్చు. 65 వాట్ల 5600G ని, 8600G ని బయోస్‌లో `cTDP` దగ్గర 45 కు దించవచ్చు. కొన్ని బోర్డులు దీన్నే `Eco Mode` అని చూపిస్తాయి. ఆటల్లో పోయేది చాలా తక్కువ, ఎందుకంటే అక్కడ ఆగేది ఎక్కువగా ర్యామ్ దగ్గరే గానీ కరెంటు దగ్గర కాదు. పెద్ద వీడియో రెండర్ మాత్రం కొంచెం ఆలస్యమవుతుంది. మన ఎండలకు మార్చి నుంచి జూన్ దాకా 45 లో ఉంచడం నా దృష్టిలో సరైన పని. ఈ డెస్క్‌మినీ అడాప్టరే 120 వాట్లది కాబట్టి ఇంటి ఇన్వర్టర్‌కు ఇది బరువు కాదు.

అనంతపురం వైపు దుమ్ము సంగతి మీకు తెలిసిందే. గాలి లోపలికి పోయే జాలీని నెలకోసారి బ్రష్‌తో దులపండి. డబ్బాను షెల్ఫ్‌లో గోడకు ఆనించి పెట్టకండి.

బోర్డు దగ్గర రెండు ప్రశ్నలు

మొదటిది, బయోస్ ఏ వెర్షన్. షాపులో ఎప్పటినుంచో ఉన్న ఏఎమ్4 బోర్డుకు 5600G ఎవరో తెలియకపోవచ్చు. 8000G కంటే ముందు తయారైన ఏఎమ్5 బోర్డులకూ ఇదే ఇబ్బంది. లక్షణం మళ్లీ నల్ల తెరే, కాబట్టి ప్రాసెసర్ చెడిపోయిందనుకుంటారు. బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని షాపువాళ్లనే అడగండి.

రెండోది, వెనక ఏ సాకెట్లున్నాయి. చవక బోర్డుల్లో కొన్నింటికి హెచ్‌డీఎమ్‌ఐ 1.4 మాత్రమే ఉంటుంది. దానితో 4కే మానిటర్ సెకనుకు 30 సార్లే మారుతుంది, మౌస్ బాణం ఈడ్చినట్టు కదులుతుంది. ఫుల్ హెచ్‌డీ మానిటర్ అయితే ఈ బెంగ లేదు.

డబ్బు కట్టకముందు షాపులోనే

కంప్యూటర్ ఆన్ చేయించి పవర్‌షెల్ తెరిచి ఇది టైప్ చేయండి.

```
Get-CimInstance Win32_PhysicalMemory |
  Select DeviceLocator, Capacity, ConfiguredClockSpeed
```

రెండు వరుసలు రావాలి, ఒక్కో పుల్లకు ఒకటి. `ConfiguredClockSpeed` దగ్గర మీరు డబ్బు పెట్టిన వేగమే కనిపించాలి. 3200 కొని 2400 లేదా 2666 కనిపిస్తే పుల్ల తప్పు కాకపోవచ్చు, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే `XMP` ను బయోస్‌లో ఆన్ చేయలేదని అర్థం. అక్కడే చేయించండి, మళ్లీ చూడండి. సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే మాత్రం 1600 అని కనిపిస్తుంది, అది సగం లెక్క, కంగారు పడకండి.

బయోస్‌లో ఉన్నప్పుడే `UMA Frame Buffer Size`, అంటే గ్రాఫిక్స్‌కు పక్కన పెట్టే ర్యామ్ ఎంతో, చూడండి. 32 జీబీ ఉంటే 2 జీబీ పెట్టుకోవచ్చు. 16 జీబీ ఉంటే `Auto` లోనే వదిలేయండి, విండోస్ అవసరాన్ని బట్టి మిగతా ర్యామ్‌లోంచి ఇస్తుంది. 4 జీబీ పెడితే ఆట వేగం రెట్టింపవుతుందని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ల మాట నమ్మకండి. తక్కువ ఉంటే కొన్ని ఆటలు మొరాయిస్తాయి గానీ, ఎక్కువ పెట్టినంత మాత్రాన ర్యామ్ దారి వెడల్పు కాదు.

చివరగా ప్రాసెసర్‌కు పూర్తి పని చెప్పే సినీబెంచ్ R23 ని పది నిమిషాలు నడపమనండి, పక్కనే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో వేడి చూడండి. షాపులో ఏసీ ఉంటుంది, మీ గదిలో ఉండకపోవచ్చు. షాపు గదికీ మీ ఇంట్లో మే నెల గదికీ ఉన్న తేడాను తెర మీద కనిపించిన అంకెకు కలపండి. మొత్తం 90 దాటితే కూలర్ మార్పించండి, లేదా అప్పటికప్పుడు `cTDP` 45 పెట్టించి ఇంకో పది నిమిషాలు నడిపించి చూశాకే బిల్లు కట్టండి.